పిల్లలు అడగడమా, కాలేజీలు పిలవడమా: ఏది మేలు?

రాయగడలో మా పక్కింటి అమ్మాయి నిన్న ఆప్షన్ల కాగితం తెచ్చి చూపించింది. మొదట రాసిన బరంపురం కాలేజీ పేరు కొట్టేసి ఉంది. "అక్కా, అది ఎలాగూ రాదేమో. మొదటి ఆప్షన్ వృథా అవుతుందని తీసేశాను" అంది. వృథా అవుతుందో కాదో ముందు అడిగేది ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది.

సీట్లు పంచడానికి 1962లో గేల్, షాప్లీ అనే గణిత శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి ఇది. ప్రతి విద్యార్థీ తనకు బాగా ఇష్టమైన కాలేజీని అడుగుతారు. కాలేజీ తనకు నచ్చినవాళ్లను సీట్లు ఉన్నంత మేర పట్టి ఉంచుకుని, మిగతావాళ్లను వద్దంటుంది. ఆ సీటు ఇంకా ఖాయం కాదు, ఇంకా మెరుగైనవాళ్లు వస్తే పోతుంది. వద్దనిపించుకున్నవాళ్లు తమ జాబితాలో తర్వాతి కాలేజీకి వెళ్తారు. అందరూ ఆగాక, ఉన్న జతలను కాదని ఒకరినొకరు కోరుకునే విద్యార్థి, కాలేజీ ఎక్కడా మిగలరు. దీన్నే స్థిరమైన జత అంటారు.

ఒక లెక్క ఊహిద్దాం. బరంపురం, రాయగడ, పర్లాకిమిడిలో ఒక్కో సీటు. అడిగే పిల్లలు రాజు, గౌరి, లత. రాజు, గౌరి ఇద్దరి ఇష్టాల వరుసా అదే. లత మాత్రం రాయగడ, బరంపురం, పర్లాకిమిడి అని రాసింది. బరంపురం కాలేజీ వరుస లత, రాజు, గౌరి. రాయగడ వరుస రాజు, లత, గౌరి. పర్లాకిమిడి వరుసా అదే.

పిల్లలు అడిగితే: రాజు, గౌరి బరంపురానికి, లత రాయగడకు వెళ్తారు. బరంపురం రాజును ఉంచుకుని గౌరిని వద్దంటుంది, రాయగడా గౌరిని వద్దంటుంది. ఆమె పర్లాకిమిడిలో చేరుతుంది. రాజు, లత మొదటి ఇష్టంలోనే ఉన్నారు.

కాలేజీలు పిలిస్తే: బరంపురం లతను, రాయగడ, పర్లాకిమిడి రాజును పిలుస్తాయి. రాజు రాయగడను పట్టుకుంటాడు. పర్లాకిమిడి లతను పిలిచినా ఆమె బరంపురమే మేలనుకుంటుంది. చివరికి గౌరి వస్తుంది. ఇదీ స్థిరమే, కానీ రాజు, లత ఇద్దరూ రెండో ఇష్టానికి దిగారు.

అడిగేవాళ్లు పైనుంచి మొదలుపెట్టి, కాదన్నప్పుడే ఒక మెట్టు దిగుతారు. ఏ స్థిరమైన జతలోనైనా తమకు దక్కగల కాలేజీ వాళ్లను ఎప్పటికీ వద్దనదు. పిలుపు కోసం ఎదురుచూసేవాళ్లకు వచ్చిన వాటిలోంచి ఎంచుకోవడమే మిగులుతుంది. అందుకే నా ఓటు పిల్లలు అడగడానికే. అమెరికాలో డాక్టర్ల రెసిడెన్సీ కేటాయింపు కూడా మొదట ఆసుపత్రుల వైపు మొగ్గేది, 1998 నుంచి అభ్యర్థుల వైపు మార్చారు.

ఇంకో పెద్ద తేడా నిజాయితీది. కాలేజీలు పిలిచే చోట లత బరంపురాన్ని కావాలనే వద్దంటే, అది రాజును పిలుస్తుంది, ఖాళీ అయిన రాయగడ లతకు వస్తుంది. అంటే అబద్ధానికి లాభం. కానీ ఇతరుల జాబితాలు తెలియకుండా అలా చేస్తే చేతిలో సీటు లేకుండా మిగలవచ్చు. పిల్లలు అడిగే చోట ఈ టెన్షన్ లేదు, ఉన్న ఇష్టం ఉన్నట్టు రాయడమే మేలు.

అయితే కాలేజీలన్నీ ఒకే ర్యాంకు చూస్తే ఎవరు అడిగినా ఫలితం ఒక్కటే. ఆప్షన్లు ఇన్నే రాయాలన్న పరిమితి ఉంటే మాత్రం నిజాయితీకి భరోసా పోతుంది. అందుకే ముందు ఆ అమ్మాయి కాగితంలో పరిమితి ఉందేమో చూశాం. లేదు. సీట్లు ఇచ్చేది కూడా ఈ పద్ధతిలోనే. బరంపురం మళ్లీ పైన రాసుకుంది.