కడప బండ మీద పగిలిన గాజు గిన్నె: ఆరేళ్ల వాడకం తర్వాత

ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నెలు మా ఇంట్లో ఆరేళ్లుగా వాడుతున్నాం. మొదట రెండు కొన్నాను. ఒకటి లీటరున్నర పట్టే పొడవాటి గిన్నె, బోరోసిలికేట్ గాజుది. ఇంకొకటి గుండ్రంగా, కాస్త మందంగా ఉండే టెంపర్డ్ గాజు గిన్నె. చిత్రమేమిటంటే, వేడికి బాగా తట్టుకుంటుందని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న బోరోసిలికేట్ గిన్నే పోయిన వేసవిలో పగిలింది. తప్పు గిన్నెది కాదు. బోరోసిలికేట్ అయితే ఏమీ కాదులే అన్న ధీమాతో నేను చేసిన పని అది.

ఆ రోజు చికెన్ ముక్కలు 200 డిగ్రీల దగ్గర ముప్పావు గంట ఓవెన్‌లో ఉన్నాయి. ఈలోగా నేను వంటగట్టు కడిగి, తడిగుడ్డతో తుడిచాను. మా వైపు చాలా ఇళ్లలో లాగే మా గట్టు కూడా నల్లటి కడప బండే. గిన్నె బయటికి తీసి, చేతులు కాలుతుంటే తొందరలో ఆ తడి బండ మీదే పెట్టేశాను. అడుగున నీళ్లు సుయ్‌మన్నాయి. రెండు క్షణాలు ఏమీ కాలేదు. నేను ఓవెన్ తలుపు వేయడానికి అటు తిరిగానో లేదో, టప్‌మని చప్పుడు. చూస్తే అడుగు అడ్డంగా చీలి, గిన్నె నాలుగు పెద్ద ముక్కలై ఉంది. మసాలా గట్టు మీద నుంచి కిందికి కారుతోంది. మా అత్తమ్మ పరుగున వచ్చి, "ఏమ్మా, చెయ్యి తెగిందా? చెప్పులు లేకుండా అడుగు వెయ్యొద్దు, అక్కడే ఉండు" అని చీపురు తెచ్చారు. చికెన్ మొత్తం పారబోశాం. గాజు పెంకు సన్నగా ఉంటే కూరలో కంటికి కనపడదు కాబట్టి, పైపై ముక్కలు బాగున్నాయి కదా అని ఏరుకుని తినకూడదు.

అసలు ఏం జరిగిందంటే, గాజు వేడిని నెమ్మదిగా పంపుతుంది. తడి బండ తగిలిన చోట అడుగు ఒక్కసారిగా చల్లబడింది, పక్క గోడలు మాత్రం ఇంకా 200 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. చల్లబడిన భాగం కుంచించుకోవాలని చూస్తే, వేడిగా ఉన్న మిగతా గాజు దాన్ని కుంచించుకోనివ్వదు. దాంతో అడుగు సాగదీసినట్టు లాగుడుకు గురవుతుంది. గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది కానీ లాగుడును తట్టుకోలేదు. గాజు ఎంత కుంచించుకోవాలని చూస్తుందో లెక్క కూడా వేసి చూశాను. 30 సెంటీమీటర్ల గాజు 170 డిగ్రీలు చల్లబడితే, మామూలు సోడా గాజు దాదాపు అర మిల్లీమీటరు కుంచించుకుంటుంది. బోరోసిలికేట్ అయితే దాంట్లో మూడో వంతు పైచిలుకు, అంటే 0.17 మిల్లీమీటరు. అందుకే అది మెరుగైన గాజు. కానీ మా గిన్నె అడుగున ఆరేళ్లుగా స్టీలు గరిటెతో గీకిన గీతలు ఉన్నాయి. లాగుడు మొత్తం అలాంటి గీత దగ్గరే పోగవుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ముక్కలు జాగ్రత్తగా కలిపి చూస్తే, చీలిక సరిగ్గా ఒక పాత గీత వెంట పోయినట్టే కనిపించింది.

అదే గుండ్రటి టెంపర్డ్ గిన్నె అయి ఉంటే ఇంకో రకంగా పగిలేది. టెంపర్డ్ గాజును తయారీలోనే పైపొర నొక్కుడులో ఉండేలా చల్లారుస్తారు. చేయి జారి పడినా ఇది త్వరగా పగలదు. పగిలిందంటే మాత్రం కారు పక్క అద్దంలా ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులై చెల్లాచెదురు అవుతుంది. ఇది సాధారణంగా సోడా గాజే కాబట్టి, వేడి తేడాల విషయంలో బోరోసిలికేట్ అంత నమ్మకం దీని మీద పెట్టుకోకూడదు. మీ గిన్నె ఏదో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్ తెరను తెల్లగా చేసి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు తెర నల్లబడే వరకు తిప్పి పట్టుకోండి. ఆ మధ్యలో గిన్నె పెట్టి చూస్తే, టెంపర్డ్ గాజులో మెరుపు పట్టీలు, మచ్చలు కనిపిస్తాయి. మామూలుగా చల్లార్చిన గాజులో అవి పెద్దగా ఉండవు.

స్టవ్ సంగతి. మా వదిన ఒకసారి మిగిలిన పప్పు వేడి చేయడానికి గాజు గిన్నెను గ్యాస్ మీద పెట్టింది. మంట తగిలిన నడుమ భాగం వ్యాకోచించి, చల్లగా ఉన్న అంచును బయటికి తోసింది. అంచు నుంచి కిందికి నెర్రె వచ్చింది. పెట్టె మీద 'ఓవెన్, మైక్రోవేవ్‌కు సరిపోతుంది' అని రాసి ఉంటే అది స్టవ్‌కు చెప్పినట్టు కాదు. మంట మీద వాడొచ్చని స్పష్టంగా రాసిన గ్లాస్ సెరామిక్ పాత్రలు, కొన్ని టీ కెటిళ్లు వేరే రకం. వాటిని కూడా చిన్న మంట మీదే పెడతాను. లోపల నీళ్లు ఇగిరిపోయే వరకు వదలను. ఒకవేళ ఇగిరిపోతే చన్నీళ్లు పోయకుండా, స్టవ్ ఆపేసి దానంతట అదే చల్లారనిస్తాను.

ఫ్రిజ్ నుంచి నేరుగా వేడి ఓవెన్‌లోకి పోవడం కూడా ఇలాంటి ప్రమాదమే. కానీ మసాలా పట్టించిన పచ్చి చికెన్‌ను కడప ఎండల్లో గిన్నె వేడెక్కే దాకా బయట ఉంచడం నాకు ఇష్టం లేదు. అందుకే ముక్కలు స్టీలు గిన్నెలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెడతాను. వండే ముందు, బయటే ఉన్న పొడి గాజు గిన్నెలోకి వాటిని మారుస్తాను. ఈ ఒక్క మార్పుతో గాజు తట్టుకోవాల్సిన తేడా చాలా తగ్గుతుంది. అడుగున రెండు చెంచాల నూనె, కొద్దిగా పెరుగు ముందే పోస్తాను. పొడిగా ఉన్న చోట కారే రసం ఆ తర్వాత వేడి గాజు మీద పడి దెబ్బ కొట్టకుండా ఉంటుంది. ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే గిన్నె లోపల పెడతాను, ఎందుకంటే వేడెక్కే సమయంలో కడ్డీలు ఎర్రగా కాలి, దగ్గరున్న గాజును ఒక పక్కే కాలుస్తాయి. మా చిన్న ఓటీజీలో మధ్య అర వాడతాను, పై కడ్డీ గ్రిల్ మాత్రం వాడను. మధ్యలో గ్రేవీ ఎండిపోతే వేడి నీళ్లే పోస్తాను.

ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు గిన్నెను అంచు దాకా నింపను. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతాయి, ఆ తోపుడుకు గోడ చీలుతుంది. గడ్డకట్టిన గిన్నెను ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, మర్నాడు వేరే స్టీలు గిన్నెలోకి తీసి వేడి చేస్తాను.

పగిలిన దాని స్థానంలో మళ్లీ బోరోసిలికేట్‌దే కొన్నాను. ఓవెన్‌కు, ఫ్రిజ్‌కు ఇదే నా ఎంపిక. నిమ్మకాయ పిండినా, చింతపండు రసం పోసినా గాజుకు వాసన పట్టదు, రంగు అంటదు, లోపల ఉడకడం బయటి నుంచే కనిపిస్తుంది. గుండ్రటి గిన్నెలో పెరుగు తోడేస్తున్నాను, దాని అంచున చిన్న పెచ్చు ఊడింది కాబట్టి ఓవెన్‌లో ఇక పెట్టను. కొత్తదానికి కర్ర గరిటె వాడుతున్నాను, నెలకోసారి వెలుతురుకు పట్టి, గోటితో తడిమి గీతలు చూస్తాను. ఓవెన్ పక్కన కడప బండ మీద ఇప్పుడు ఒక కర్ర పీట, దాని మీద నాలుగు మడతలేసిన పొడి తువ్వాలు ఎప్పుడూ ఉంటాయి. ఓవెన్ తలుపు తీసే ముందే అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటాను.