గ్రూప్ స్టడీలో ఏది మేలు: జవాబులు పంచుకోవడమా, ఒకరినొకరు ప్రశ్నించుకోవడమా?

ఇంటర్ పిల్లలు గ్రూప్ స్టడీకి కూర్చుంటే ఎక్కువగా జరిగేది ఇది: అసైన్‌మెంట్ లెక్కలు ఒకరు చేస్తారు, మిగతావాళ్లు ఫొటో తీసుకుని నోట్సులోకి ఎక్కించుకుంటారు. రెండో పద్ధతిలో పుస్తకాలు మూసేస్తారు. ఒకరు ప్రశ్న వేస్తే మిగతావాళ్లు కాగితం మీద జవాబు రాస్తారు. మొదటి పద్ధతిలో ఒక్క సాయంత్రంలో అసైన్‌మెంట్ మొత్తం పూర్తవుతుంది, రెండో దానిలో నాలుగో వంతు కూడా కాదు. అయినా పరీక్షలో మార్కులు తెచ్చేది రెండోదే.

ఒక ఫిజిక్స్ లెక్క తీసుకుందాం. 20 m/s వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి 15 మీటర్ల ఎత్తులో ఎప్పుడు ఉంటుంది? g = 10 m/s² అనుకుంటే 15 = 20t − 5t², అంటే t² − 4t + 3 = 0. జవాబు 1 సెకను, 3 సెకన్లు. దీన్ని ఎక్కించుకున్నవాడి నోట్సులో తప్పేమీ ఉండదు. కానీ రెండు జవాబులు ఎందుకొచ్చాయని ఎవరూ అడగలేదు కాబట్టి, పైకి వెళ్తూ ఒకసారి, కిందికి వస్తూ ఒకసారి బంతి ఆ ఎత్తును దాటుతుందన్న సంగతి అతని తలలోకి రాలేదు.

ప్రశ్నించుకునే గ్రూపులో లెక్క అక్కడితో ఆగదు. అడిగినవాళ్లు వెంటనే అంకె మారుస్తారు: 20 మీటర్ల ఎత్తులో ఎప్పుడు? ఈసారి t = 2 ఒక్కటే వస్తుంది, ఎందుకంటే బంతి చేరే గరిష్ఠ ఎత్తు అదే. మరి 25 మీటర్లయితే? సమీకరణానికి వాస్తవ మూలాలు ఉండవు, బంతి అంత ఎత్తుకు వెళ్లనే వెళ్లదు. పరీక్షలో వచ్చేది దాదాపు ఇలా మార్చిన ప్రశ్నే. ఎక్కించుకున్న నోట్సు దానికి ఉపయోగపడదు.

మరి జవాబులు పంచుకున్నవాళ్లకు అంతా వచ్చేసినట్టు ఎందుకనిపిస్తుంది? కళ్ల ముందున్న సొల్యూషన్ ప్రతి మెట్టూ అర్థమవుతుంది గనుక. అర్థం కావడం వేరు, ఖాళీ కాగితం మీద మొదటి మెట్టు తట్టడం వేరు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం చదవమని ఇచ్చారు. తర్వాత కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పెడితే మళ్లీ చదివినవాళ్లకు 42, చూడకుండా రాసినవాళ్లకు 56. మళ్లీ చదివినవాళ్లు కనీసం శ్రద్ధగా చదివారు. ఫొటో చూసి ఎక్కించడంలో ఆ శ్రద్ధ కూడా ఉండదు.

గ్రూపుకు ముగ్గురు, మహా అయితే నలుగురు చాలు. ఇద్దరే అయితే ఇద్దరూ ఒకే తప్పు చేసినప్పుడు పట్టుకునేవాళ్లుండరు. ఆరుగురైతే ఇద్దరు చెప్తారు, నలుగురు వింటారు. ఒక్కొక్కరు ఒకే చాప్టర్ నుంచి ఐదేసి ప్రశ్నలు తేవాలి. తాము తప్పు చేసినవి తెస్తే ఇంకా మంచిది. రెండు మూడు నిమిషాలు అందరూ మౌనంగా రాయాలి. ఈ మౌనమే అన్నిటికన్నా ముఖ్యం. చురుకైనవాడు నోరు జారి జవాబు చెప్పేశాడా, ఆ ప్రశ్న మిగతావాళ్లకు వృథా అయినట్టే, ఇక వాళ్లు చేసేది ఎక్కించుకోవడమే. తర్వాత అందరూ కాగితాలు ఒకేసారి చూపించాలి. తప్పు చేసిన వ్యక్తి సరైన దారి విన్నాక, మార్చిన అంకెతో తనే మళ్లీ చేసి చూపాలి.

జవాబు పక్కన "గట్టిగా తెలుసు", "డౌటు" అని కూడా రాయండి. నీట్‌లో ఒప్పుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. గట్టిగా తెలుసని రాసి తప్పు చేసిన ప్రశ్నలే అక్కడ ముంచుతాయి. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి డౌటున్నా గుర్తించి రావాల్సిందే.

జవాబులు పంచుకోవడం పూర్తిగా చెడ్డదని కాదు. ఎవరికి వాళ్లు చేసుకున్నాక కీ సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది. చాప్టర్ ఒక్కసారైనా చదవని వాళ్లను ప్రశ్నలతో కూర్చోబెట్టడమూ దండగే. వాళ్లు ముందు చదివి రావాలి.

గ్రూపు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. తప్పు పోయిన ప్రశ్నల నంబర్లు ఒక చీటీ మీద రాసి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి సొల్యూషన్ చూడకుండా ఒంటరిగా చేయండి. అప్పుడూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంటే మౌనం పాటించడం లేదన్నమాట. చివర్లో కూడికలో మాత్రమే పోతుంటే ఆ చాప్టర్ వదిలి తర్వాతి దానికి వెళ్లొచ్చు.