లైవ్ లిజన్, అవధానం, మా బావమరిది తోతాపురి కాయలు

రెండేళ్ళ మూడు నెలలుగా వాడుతున్నాను. ఐఫోన్ గురించి, దాని ఇయర్‌బడ్స్ గురించి అందరికీ తెలిసినవి మళ్ళీ రాయను. రెండూ మా అబ్బాయి కొత్తవి కొనుక్కుని నాకు దాటించినవే. నేను చెప్పాలనుకున్నది లైవ్ లిజన్ అనే ఒక్క సదుపాయం గురించి. మాట్లాడే మనిషి దగ్గర ఫోన్ పెట్టి మనం దూరంగా కూర్చుంటే, ఫోన్ మైకు విన్నదంతా బ్లూటూత్ మీదుగా మన చెవిలో పడుతుంది. దాని పని అంతే.

ముందు నా చెవుల సంగతి. నాకు అరవై మూడు, ఉండేది తిరుపతి బైరాగిపట్టెడలో. నాకు మాట వినబడుతుంది, అర్థం కాదు. చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి గ్రాఫు చూపించింది. బొంగురు శబ్దాల వైపు గీత బాగానే ఉంది, కీచు శబ్దాల వైపు వచ్చేసరికి జారుడుబండలా దిగిపోయింది. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవి నాకు అందుతాయి. స, శ, త, క, ప లాంటి వాటిలో ఊపిరి శబ్దమే ముఖ్యం. అది సన్నగా, పైస్థాయిలో ఉంటుంది, నాకు సగం రాదు. మా ఆవిడ కప్పు అడిగితే పప్పు డబ్బా తెచ్చిచ్చిన రోజులున్నాయి. ఇంట్లో అయితే నవ్వుకుంటాం. కానీ నాకున్న ఒకే ఒక్క వ్యసనం అవధానాలు, అంటే వేదిక మీద పృచ్ఛకులు ఒక్కొక్కరూ ఒక్కో చిక్కు పెడుతుంటే అవధాని అప్పటికప్పుడు పద్యాలు అల్లే సభలు. అక్కడ నవ్వు రాదు.

నిషిద్ధాక్షరి తీసుకోండి. అవధాని ఒక అక్షరం వేస్తాడు, పృచ్ఛకుడు తర్వాతి అక్షరం ఫలానాది వద్దంటాడు. ఆ "వద్దు"కు ముందున్న ఒక్క అక్షరమే ఆటంతా. "క వద్దు", "త వద్దు", "ప వద్దు" మూడూ నాకు "అ వద్దు" గానే వినబడేవి. హాలంతా ఆహా అంటుంటే నేనూ ఒక క్షణం ఆలస్యంగా ఆహా అనేవాణ్ణి. ఆరేడేళ్ళు అలా నటించాను.

లైవ్ లిజన్ పెట్టుకున్న మొదటిసారి అదీ బోల్తా కొట్టింది. తెలివిగా చేస్తున్నాననుకుని, గోడకున్న స్పీకర్ బాక్స్ కింద కుర్చీ మీద ఫోన్ పెట్టాను. పెద్ద శబ్దం అక్కడే కదా వస్తుంది! చెవిలో పడింది బావిలోంచి వచ్చినట్టున్న గోల. శబ్దం పెరిగింది, అక్షరం పెరగలేదు. తర్వాత బుర్రకెక్కింది. స్పీకర్‌లోంచి వచ్చేది అప్పటికే ఒక మైకులోంచి, యాంప్లిఫయర్‌లోంచి నలిగి వచ్చిన గొంతు. దానికి రేకుల పైకప్పు, గోడల ప్రతిధ్వని తోడవుతుంది. వాల్యూం పెంచితే గొంతూ పెరుగుతుంది, ప్రతిధ్వనీ పెరుగుతుంది, ఫ్యాను మోతా పెరుగుతుంది. ఫోన్‌ను నోటికి దగ్గర చేస్తే మాత్రం గొంతు ఒక్కటే పెరుగుతుంది. దూరం సగమైన ప్రతిసారీ నోటినుంచి నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, హాలు ప్రతిధ్వని దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి నాలుగడుగుల దూరం నుంచి రెండడుగులకు జరిపితే వచ్చే లాభం వాల్యూం మీట ఎంత నొక్కినా రాదు.

రెండోసారి నిర్వాహకులను అడిగి, అవధాని ముందున్న బల్ల మీద పెట్టించాను. అడిగి పెట్టించాననేది గమనించండి. మైకు తెరిచిన ఫోన్‌ను చెప్పకుండా మనుషుల మధ్య వదిలి రావడం పద్ధతి కాదు. తాంబూలాలప్పుడు వేదిక మీద వాళ్ళు ఏం గొణుక్కున్నా మీ చెవిలో పడుతుంది. ఫోన్ కింద మడిచిన చేతిరుమాలు వేశాను, లేకపోతే బల్ల మీద గ్లాసు పెట్టినా పిడుగు పడినట్టుంటుంది. మైకు ఉన్న అడుగు అంచును అవధాని వైపు తిప్పాను. పుస్తకంలా మూసుకునే కవర్‌ను ఊడదీశాను.

మూడో వరసలో కూర్చున్నాను. మొదటి ఆవృత్తిలో, అంటే పృచ్ఛకులందరి మీదుగా తిరిగే మొదటి చుట్టులో, నిషిద్ధాక్షరి దగ్గర పృచ్ఛకుడు "త వద్దు" అన్నాడు. త! మధ్యలో గాలి తెగిన చప్పుడుతో సహా నా చెవిలో పడింది. అవధాని తప్పించుకుని ఇంకో అక్షరం వేశాడు, ఈయన "స వద్దు" అన్నాడు, అదీ తెలిసింది. ఆ రోజు హాలు కంటే ముందే ఆహా అన్నాను. పక్కనున్న స్నేహితుడు నా మొహం చూసి "ఏందప్పా, ఏడుస్తుండావా" అన్నాడు. ఏసీ గాలి అని చెప్పాను. ఆ హాలులో ఏసీ లేదు.

ఒక్క ఇబ్బంది, మధ్యమధ్యలో కొట్టే గంటలను అవధాని లెక్కపెట్టుకునే ఘంటాగణనం. గంట కొట్టే ఆయన ఫోన్ పక్కనే కూర్చున్నాడు, కొట్టిన ప్రతిసారీ చెవిలో సూది గుచ్చినట్టయింది. ఆ తర్వాతి నుంచీ ఫోన్‌ను గంటకు అవతలి పక్కన పెట్టమంటున్నాను.

ఇక ఆ మామిడికాయల రోజు. అది జూన్ నెల, అష్టావధానం, మూడు ఆవృత్తులు అయిపోయి నాలుగోది నడుస్తోంది. అవధాని సమస్యాపూరణ చివరి పాదంలో ఉన్నాడు. ఉన్నట్టుండి వేదిక మీద నా ఫోన్ మోగింది. సైలెంట్‌లో పెట్టడం మరిచాను. చెవిలోనూ మోగింది, హాలులోనూ మోగింది. కంగారుపడి, కాల్ కట్ చేద్దామని ఇయర్‌బడ్ కాడను ఒకసారి నొక్కాను. తీరా ఒకసారి నొక్కితే కాల్ ఎత్తుతుందట, కట్ చేయాలంటే రెండుసార్లు నొక్కాలట. "బావా, దామలచెరువు మండీలో తోతాపురి రేటు పడిపోయింది, తోలాల్నా వద్దా చెప్పు" అంటూ మా బావమరిది మొదలుపెట్టాడు. మాట్లాడితే చుట్టూ వాళ్ళు చూస్తారు. ఫోన్ చూస్తే అవధాని ముందుంది. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని "రేపు, రేపు" అన్నాను. "రేపటికి ఇంకా పడతాది బావా" అన్నాడు.

కాల్ ముగిశాక నిశ్శబ్దం. కాల్ రాగానే లైవ్ లిజన్ ఆగిపోయింది, ముగిశాక తనంతట తాను మళ్ళీ మొదలుకాలేదు. ఫోన్‌లో Control Center తెరిచి, Hearing అనే చెవి బొమ్మ నొక్కి, Live Listen మళ్ళీ ఆన్ చేయాలి. ఆ ఫోన్ ఉన్నది వేదిక మీద. పద్యం నడుస్తుండగా లేచి వెళ్ళి అవధాని ముందు వంగి బొమ్మలు నొక్కే ధైర్యం నాకు లేదు. బయటి శబ్దం ఆపే నాయిస్ క్యాన్సిలేషన్ కూడా ఆన్‌లో ఉండటంతో, ఏమీ పెట్టుకోనప్పటికంటే అన్యాయంగా ఉంది నా పరిస్థితి. బడ్స్ తీసి జేబులో వేసుకున్నాను. ధారణ మొత్తం, అంటే నాలుగు ఆవృత్తుల పద్యాలన్నీ అవధాని ఏకబిగిన అప్పజెప్పే ఘట్టం, పాత పద్ధతిలో అచ్చులతోనే విన్నాను.

ఇంకో సంగతి మరీ కోపం తెప్పించింది. ఫోన్ మోగగానే, సంబంధం లేని ప్రశ్నలతో అవధానిని ఆటపట్టించే అప్రస్తుత ప్రసంగం ఆయన "అవధాని గారూ, సరస్వతీదేవి ఫోన్ చేస్తున్నట్టుంది, ఎత్తరా?" అన్నాడట. "ఆవిడ నా నాలుక మీదే ఉంటుంది, ఫోన్ అక్కర్లేదు, మీకే వచ్చుంటుంది చూడండి" అని అవధాని అంటే హాలు విరగబడి నవ్విందట. నా ఫోన్ వల్ల పుట్టిన చమత్కారం నేను తప్ప అందరూ విన్నారు. ఆటోలో వస్తుంటే స్నేహితుడు చెప్పాడు.

ఇప్పుడు హాలులోకి అడుగుపెట్టకముందే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, బ్లూటూత్ ఆన్‌లోనే ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత లైవ్ లిజన్ మొదలుపెడతాను. ఈ వరసలో చేశాక ఒక్కసారీ ఆగలేదు.

మొదటి నెలలో కనబడిన వాళ్ళకల్లా "నా చెవులు నాకు తిరిగొచ్చాయి" అని చెప్పుకుని తిరిగాను. అది రొంత ఎక్కువ మాటే. ఎదురుగా కూర్చున్న మనిషితో ఇది పనికిరాదు. గొంతు నేరుగా ఒకసారి వినబడుతుంది, బ్లూటూత్ దారిలో రెప్పపాటు ఆలస్యంగా ఇంకోసారి వినబడుతుంది. మా ఆవిడ ఒక్కసారి తిట్టినా రెండుసార్లు తిట్టినట్టుంటుంది. హాలులోనూ ఈ జంట శబ్దం ఉంటుంది, అందుకే నాయిస్ క్యాన్సిలేషన్ పెట్టి బయటిదాన్ని తగ్గించుకుంటాను. అప్పుడు పెదాలు ముందు కదులుతాయి, మాట వెనక వస్తుంది, పది నిమిషాల్లో అలవాటవుతుంది. టిఫిన్ హోటల్లో బల్ల మీద పెట్టి చూశాను, స్నేహితుడి మాట కంటే వెనక బల్ల మీది స్టీలు ప్లేట్లే బాగా వినబడ్డాయి. పెళ్ళిళ్ళలో ఆ ప్రయత్నం కూడా చేయలేదు. ఎవరి మాట కావాలో దానికి తెలియదు, దగ్గరున్నదాన్ని పంపుతుంది.

దూరమూ అంతే. బ్లూటూత్ పది మీటర్లు అంటారు, మధ్యలో మనుషులు నిండితే అంత రాదు. నాకు మూడో వరస దాకా నిక్కచ్చిగా వచ్చింది, ఆరో వరసలో ఎవరైనా అడ్డంగా లేచి నిలబడితే మాట తెగింది. ఆండ్రాయిడ్‌లో Sound Amplifier అని ఇలాంటిదే ఉంది, ఆ స్నేహితుడి ఫోన్‌లో పెట్టి చూశాం. పని చేసింది, కానీ అతని బడ్స్‌లో ఆలస్యం నాకంటే ఎక్కువ అనిపించింది. అది అతని బడ్స్ తప్పేమో, ఒక్కరోజు చూసి తీర్పు చెప్పలేను.

డాక్టరమ్మకు ఇదంతా చెబితే, మంచిదే కానీ దీన్ని చూసుకుని మిషన్ వాయిదా వేయకండి అంది. వినికిడి మిషన్ నా గ్రాఫు చూసి తగ్గినచోటే పెంచుతుంది, ఫోన్ అయితే ఎదురైనదాన్నంతా పెంచుతుంది. ఆవిడ మాట నిజమే. ఐదారు అడుగుల్లో ఇంట్లో మాటలకు మిషనే కావాలి. కానీ చెవి దగ్గరున్న మిషన్ మైకు వేదిక దాకా పోలేదు కదా, ఫోన్ పోతుంది. ఐఫోన్‌తో కలిసే రకం మిషన్లలో లైవ్ లిజన్ నేరుగా మిషన్‌లోకే వస్తుందని తెలిశాక అలాంటిదే చూస్తున్నాను. రేటు విన్నాక చూడటం కాస్త నెమ్మదించింది.

కాబట్టి కొనమని ఎవరికీ చెప్పను. నాకు ఫోనూ బడ్సూ ఊరికే వచ్చాయి, హాలు చిన్నది, నిర్వాహకులు తెలిసినవాళ్ళు, నా చెవికి ఇంకా సగం ప్రాణం ఉంది. ఇవేవీ లేనివాళ్ళకు ఇది ఎంత ఉపయోగమో నేను చెప్పలేను. ఇంట్లో రెండూ ఇప్పటికే ఉంటే మాత్రం ఈ ఆదివారం ఏదైనా ఉపన్యాసానికి తీసుకెళ్ళి చూడండి.

మా హాలులో ఇప్పుడు బల్ల మీద నా ఫోన్‌కు ఒక చోటు ఖాయమైంది. పోయిన నెల దాన్ని చూడగానే అప్రస్తుత ప్రసంగం ఆయన నా వైపు తిరిగి "మామిడికాయలు అమ్ముడుపోయాయా?" అని అడిగాడు. ఈసారి ముందుగా నాకే వినబడింది.