పొందూరు వీడియోకు ఏ మాట మేలు?

శ్రీకాకుళంలో మాకు తమ్ముడి వరసయ్యే ఒక కుర్రాడు పొందూరు నేతగాళ్ళ దగ్గర వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. అసలైన పొందూరు బట్టను కొనేవాళ్ళు ఎలా గుర్తుపట్టాలో చూపించే వీడియో ఒకటి తీయబోతూ, దానికి ఏ మాటను ప్రధాన కీవర్డుగా పెట్టుకోవాలని నన్ను అడిగాడు. అతని కాగితం మీద నాలుగు మాటలున్నాయి: ఖాదీ చీరలు, పొందూరు ఖద్దరు, పొందూరు ఖాదీ, అసలు ఖాదీ గుర్తించడం. నాలుగింటినీ శీర్షికలో ఇరికిస్తే నాలుగు రకాల వెతుకులాటలకూ వీడియో దొరుకుతుందని అతని ఆశ. నాలుగింటిలో ఒకటే ఎంచుకోవాలని నేనన్నాను. ఏది ఎంచుకున్నామో, ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ‘ఖాదీ చీరలు’ సంగతి. ఈ మాటను దేశంలో ఏ మూల ఖాదీ అయినా కావాలనుకునేవారు వెతుకుతారు. వారిలో చాలామందికి ధరలు, రంగులు, దుకాణాలు కావాలి. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకు చేసి, 100 కౌంటు దాకా సన్నని నూలు తీసే పనిని చూడాలన్న కోరికతో వచ్చేవారు వారిలో తక్కువ. పైగా ఆ మాట మీద పెద్ద దుకాణాల వీడియోలు ముందే బారులు తీరి ఉంటాయి. యూట్యూబ్ తన వెతుకులాట ఫలితాలకు చెప్పే ప్రమాణాలు మూడు: వెతికిన మాటకు వీడియో ఎంత సరిపోతుందన్నది, చూసినవారు దానితో ఎంతసేపు గడిపారన్నది, ఆ విషయంలో ఆ ఛానల్‌కు ఉన్న నాణ్యత. విశాలమైన మాటతో వచ్చినవారు పది సెకన్లలో వెనక్కి వెళ్ళిపోతే రెండో ప్రమాణంలో దెబ్బతింటాం. కాబట్టి ఇది మనకు పనికిరాదు.

‘పొందూరు ఖద్దరు’ దగ్గర మాత్రం కాస్త ఆగవలసి వచ్చింది. “మా ఇంట్లో ఖద్దరనే అంటారు కదన్నయ్యా, మన మాట మనం ఎందుకు వదులుకోవాలి?” అని కుర్రాడు అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. మా జిల్లాలో పెద్దవాళ్ళ నోట వినిపించేది ఖద్దరే. కానీ కీవర్డు వెతికేవాడి మాట కావాలి తప్ప చెప్పేవాడి మాట కాకూడదు. ఆ వీడియో హైదరాబాదులోనో విశాఖలోనో బట్ట చేతిలో పట్టుకుని అనుమానపడే కొనుగోలుదారు కోసం తీస్తున్నది. అతను ఏ మాట టైపు చేస్తాడో మనకు మనమే ఊహించుకోనక్కర లేదు. యూట్యూబ్ వెతుకు పెట్టెలో ‘పొందూరు’ అని కొట్టి ఆగితే, కింద దిగే సూచనలు ఇతరులు నిజంగా వెతికిన మాటలను అనుసరించి వచ్చేవే. మన లాగిన్‌లో వెతికితే మన పాత వెతుకులాటలు ఆ సూచనలలో కలిసిపోతాయి గనుక, లాగిన్ లేని కిటికీలో చూడడం మంచిది. గూగుల్ ట్రెండ్స్‌లో కూడా యూట్యూబ్ వెతుకులాటను మాత్రమే ఎంచుకుని రెండు మాటలను పక్కపక్కన పోల్చవచ్చు. అయితే అక్కడ కనిపించేది వెతుకులాటల సంఖ్య కాదు, 0 నుంచి 100 దాకా ఉండే సాపేక్షపు కొలత మాత్రమే. చిన్న ఊళ్ళ పేర్లకు గీతే రాకపోవచ్చు. గీత రానంత మాత్రాన ఆ మాటను ఎవరూ వెతకడం లేదని అనుకోకూడదు. అలాంటప్పుడు సూచనలనే నమ్ముకోవాలి.

మేము చూసిన సూచనలలో ఖాదీయే ఉంది, ఖద్దరు లేదు. దాంతో మాట ఖాదీ అయింది. ఖద్దరును పూర్తిగా విడిచిపెట్టలేదు. వీడియోలో నేతగాళ్ళు మాట్లాడేటప్పుడు అది సహజంగా వస్తూనే ఉంటుంది, అలాగే ఉండనిచ్చాం.

‘అసలు ఖాదీ గుర్తించడం’ అన్నది వెతికేవాడి అవసరాన్ని సూటిగా చెబుతుంది, కానీ ఊరి పేరు లేకపోవడంతో మళ్ళీ ఖాదీ మహాసముద్రంలో పడుతుంది. ‘పొందూరు ఖాదీ’ అన్న రెండు మాటలకు ఆ అవసరాన్ని శీర్షికలోనే తోడు చేస్తే చాలనుకున్నాం. అంటే కీవర్డు పొందూరు ఖాదీ, మిగతాది దాని వివరణ. మేము నిలబెట్టిన శీర్షిక ఇది:

```
పొందూరు ఖాదీ అసలుదో కాదో గుర్తించడం ఎలా? | Ponduru Khadi
```

ఇక్కడ తెలుగు వంటి లిపులలో శీర్షిక పెట్టేవారికి ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. యూట్యూబ్ శీర్షికకు 100 అక్షరాల హద్దు పెట్టింది. ఆ లెక్కలో గుణింతపు గుర్తులు, సున్నలు కూడా వేరువేరు అక్షరాలే. కంటికి అయిదు అక్షరాలుగా కనిపించే ‘పొందూరు ఖాదీ’ ఆ లెక్కలో నడుమ ఖాళీతో కలిపి 12 అవుతుంది. పై శీర్షిక మొత్తం 56. నాలుగు కీవర్డులూ ఇరికిద్దామంటే హద్దుకు చేరువయ్యేవాళ్ళం, పైగా ఫోను తెరమీద చివర తెగిపోయేది.

తెలుగు లిపి మేలా, ఇంగ్లీషు అక్షరాలు మేలా అన్న తగువుకు నా తీర్పు, రెండూ ఉండాలి, మాట మాత్రం ఒకటే అని. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేసే తెలుగువారు ఎంతోమంది ఉన్నారు గనుక ఏ ఒక్క లిపినీ వదలలేం. ముందు మాత్రం తెలుగే ఉండాలి. తెరమీద కనిపించే మొదటి భాగం చదివే మనిషికి, తెగిపోయే చివరి భాగం యంత్రానికి. శీర్షిక మనిషికి తెగి కనిపించినా, వెతుకులాట దాన్ని మొత్తంగానే చదువుతుంది. Ponduru, Pondhuru అంటూ స్పెల్లింగులన్నీ శీర్షికలో పరచవలసిన పని లేదు. ట్యాగులు వీడియో దొరకడానికి పెద్దగా ఉపయోగపడవని, జనం తరచు తప్పు స్పెల్లింగుతో వెతికే మాటలకు మాత్రం పనికొస్తాయని యూట్యూబే చెబుతుంది. ఆ రెండో స్పెల్లింగుకు తగిన చోటు అదే.

ఇక ఒకే మాటను ఎక్కడెక్కడ నిలపాలన్న విషయం. శీర్షిక, వివరణ, ఫైలు పేరు, నోట వచ్చే తొలి వాక్యం అని నాలుగు చోట్లు చెబుతారు. వీటిని సమానంగా చూడడం నాకు సరికాదనిపిస్తుంది. బలాన్ని బట్టి చూస్తే శీర్షిక అన్నింటికంటే ముందు, తర్వాత వివరణ, తొలి వాక్యం, చిట్టచివర ఫైలు పేరు. కానీ దిద్దుకునే వీలును బట్టి చూస్తే వరస మారిపోతుంది. శీర్షికనూ వివరణనూ ఏడాది తర్వాతయినా మార్చుకోవచ్చు. వీడియోను ఎక్కించాక ఫైలును మాత్రం అదే లింకు కింద మార్చలేం. యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటర్‌తో మొదటి ముక్కను కత్తిరించవచ్చు గానీ, పలకని వాక్యాన్ని తెచ్చి అతికించలేం. నాలుగింటిలో రెండు చేయి దాటిపోయేవి గనుకనే మాటను షూటింగుకు ముందు ఎంచుకోవాలని నా పట్టుదల. ఎడిటింగు అయ్యాక ఎంచుకున్నవాడికి తొలి వాక్యం దక్కదు.

తొలి వాక్యానికి కుర్రాడి పాత అలవాటు, ‘నమస్కారమండీ, మా ఛానల్‌కు స్వాగతం, కొత్తగా చూస్తున్నవాళ్ళు సబ్‌స్క్రైబ్ చేసుకోండి’ అనడం. దీని పక్కన ‘మీ చేతిలో ఉన్నది పొందూరు ఖాదీయేనా అన్నది నూలు చూసి ఎలా తెలుసుకోవాలో చూపిస్తాను’ అన్న వాక్యాన్ని పెట్టండి. వెతికి వచ్చినవాడికి తాను సరైన చోటికే వచ్చానన్న సంగతి రెండో దానిలో మొదటి శ్వాసలోనే తెలుస్తుంది. మొదటిదానిలో శీర్షిక ఇచ్చిన మాట ఇంకా అప్పుగానే ఉంది. పలికిన మాట యూట్యూబ్ యంత్రం రాసే క్యాప్షన్లలోకి కూడా వెళుతుంది. ఊరి పేర్ల విషయంలో యంత్రం రాసిన క్యాప్షన్లను నమ్మకూడదు. స్టూడియోలో సబ్‌టైటిల్స్ తెరిచి ‘పొందూరు’ సరిగ్గా పడిందో లేదో చూసి చేత్తో దిద్దాలి, క్యాప్షన్ రాకపోతే సొంతంగా రాసి ఎక్కించాలి. పలకడంలో కూడా ‘మన ఊరి బట్ట’, ‘మన ఖద్దరు’ అంటూ మొదలుపెట్టి, అసలు పేరును మూడో నిమిషంలో చెబితే ఈ ప్రయోజనం పోతుంది.

వివరణలో 5000 అక్షరాల దాకా రాయవచ్చు గానీ, ‘మరిన్ని’ నొక్కకముందు కనిపించేది ఒకటి రెండు పంక్తులే. అందులో కీవర్డు ఒక పూర్తి వాక్యంలో ఒక్కసారి రావాలి: ‘పొందూరు ఖాదీ అసలుదో కాదో నూలు చూసి ఎలా తెలుసుకోవాలో శ్రీకాకుళం జిల్లా పొందూరు నేతగాళ్ళే ఈ వీడియోలో చూపిస్తున్నారు.’ కింద మాట మళ్ళీ ఒకసారి సహజంగా వస్తే రానివ్వాలి. కీవర్డుల జాబితాను వివరణ కింద కుప్పగా పోయడం యూట్యూబ్ నియమాలకే విరుద్ధం, దాని వల్ల వీడియో తొలగించే అవకాశం కూడా ఉంది. అన్ని చోట్లా ఒకే మాట అంటే ప్రతి వాక్యంలో అదే మాట అని కాదు.

ఫైలు పేరు గురించి నాకు పెద్ద నమ్మకం లేదు. యూట్యూబ్ తన ఫలితాల గురించి చెప్పే ప్రమాణాలలో శీర్షిక, ట్యాగులు, వివరణ, వీడియోలోని విషయం ఉన్నాయి, ఫైలు పేరు ప్రస్తావన లేదు. అయినా `VID_20250114_103522.mp4` కంటే `ponduru-khadi-gurtinchadam.mp4` మేలంటాను, ఎందుకంటే ఎక్కించేటప్పుడు ఫైలు పేరే మొదట శీర్షిక గడిలో వచ్చి కూర్చుంటుంది. తొందరలో దాన్ని అలాగే వదిలేసి ప్రచురించినా మాట చెడదు. పైగా ఆరు నెలల తర్వాత తన కంప్యూటరులో ఫైలు వెతికేది కూడా అతనే. పేరు మార్చడానికి పట్టేది పది సెకన్లు, దాని విలువ కూడా అంతేనని అనుకోవచ్చు.

కుర్రాడు ఇంకొక పొరపాటు చేయబోయి ఆగాడు. ఆ నెలలో తీయాలనుకున్న మూడు వీడియోలకూ ‘పొందూరు ఖాదీ’నే కీవర్డుగా రాసుకున్నాడు. అలా చేస్తే ఒకే వెతుకులాటకు తన వీడియోలే ఒకదానికొకటి పోటీ పడతాయి. అందుకే మగ్గం వీడియోకు ‘పొందూరు ఖాదీ నేత’, పత్తి శుభ్రం చేసే వీడియోకు ‘వాలుగ చేప దవడతో పత్తి’ అని విడదీసుకున్నాం. చివరిది వింతగా అనిపించినా, ఆ పని గురించి విన్నవాడు దాదాపు అవే మాటలతో వెతుకుతాడు.

ఎంచుకున్నది సరైనదో కాదో స్టూడియో విశ్లేషణలో ట్రాఫిక్ మూలాలలోకి వెళ్ళి, యూట్యూబ్ సెర్చ్‌ను నొక్కితే కనిపించే వెతుకుమాటల జాబితా చెబుతుంది. అక్కడ ‘ponduru khadi’తో వచ్చినవారు ఉండి, మొదటి 30 సెకన్ల గ్రాఫు నిలకడగా ఉంటే మాటను కదపనక్కర లేదు. జాబితాలో ‘khadi shirts’ వంటివి ఎక్కువగా ఉండి, గ్రాఫు మొదట్లోనే దిగిపోతుంటే శీర్షిక మరీ విశాలంగా ఉందన్నమాట. అప్పుడు శీర్షికనూ వివరణ మొదటి పంక్తినీ కలిపే మార్చాలి, అది కూడా నోట పలికిన మాటను దాటకుండా మార్చాలి. జాబితాయే దాదాపు ఖాళీగా ఉండి, చూసేవాళ్ళంతా హోం పేజీ నుంచో పక్కన సూచించిన వీడియోల నుంచో వస్తుంటే, ఆ వీడియో విషయంలో కీవర్డు మార్చి సాధించేది తక్కువ. అప్పుడు పని చేయాల్సింది థంబ్‌నెయిల్ మీద.