లెక్క తేలని భాగస్వామ్యానికి చంద్రుడి ముక్క: ఆరేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలో మా ఇంటి ముందు గదిలో ఆరేళ్లుగా ఒకే టారో కట్టతో, అంటే జోస్యానికి వాడే బొమ్మల ముక్కలతో, వచ్చినవారి ప్రశ్నలకు చదివి చెబుతున్నాను. ఇది 1909లో లండన్‌లో రైడర్ సంస్థ వెలువరించిన కట్టకు నేటి ముద్రణ, ఎ. ఇ. వెయిట్ రూపకల్పనకు పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీశారు. 78 ముక్కల్లో ఎక్కువగా నలిగింది 18వదైన చంద్రుడిదే. దాని అంచుల్లో రంగు లేచిపోయి తెల్లటి నూలుపోగులా కనిపిస్తోంది. వ్యాపార భాగస్తుడి మీద అనుమానంతో వచ్చినవారికి ఈ ముక్క ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ పక్కదారి పట్టిస్తుందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర దీనితో మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. చందమామ అనగానే వెన్నెల, చల్లదనం గుర్తొచ్చే మనిషి ఈ ముక్కను చూసి నవ్వుతాడు. బొమ్మలో ఉన్నది వేరు. రెండు బురుజులు, వాటి ముందు మోరలెత్తి అరుస్తున్న కుక్క, తోడేలు, నీటి మడుగులోంచి గట్టు ఎక్కుతున్న రొయ్య లాంటి ప్రాణి, ఆ మడుగు నుంచి బురుజుల నడుమగా దూరపు కొండల్లోకి వంకరలు తిరుగుతూ పోయే దారి. ఆ ప్రాణిని చాలామంది తేలు అనుకుంటారు, కొందరు ఎండ్రకాయ అంటారు. తేలు అనుకున్నవారు భాగస్తుడు కుట్టబోతున్నాడనే మాటకు వెంటనే వచ్చేస్తారు కనుక, అది తేలు కాదని నేను ముందే చెప్పేస్తాను. జ్యోతిషంలో చంద్రుణ్ణి మనఃకారకుడంటారు. రెండు శాస్త్రాలను కలపడం నాకు ఇష్టం లేకపోయినా, ఈ ఒక్క మాట మాత్రం పనికొస్తుంది: ముక్క ముందుగా మాట్లాడేది ఎదుటివాడి జేబు గురించి కాదు, అడిగినవాడి మనసు గురించి.

నేను ఈ సంగతి తప్పు చేసి నేర్చుకున్నాను. వెయిట్ ఇచ్చిన అర్థాల్లో దాగిన శత్రువులు, మోసం, అపనింద, పొరపాటు అన్నీ ఉన్నాయి. మొదటి ఏడాది ఒక బట్టల దుకాణదారుకు ఈ ముక్క వస్తే, నేను మొదటి రెండు మాటలే పట్టుకుని ‘మీవాడిలో దాపరికం ఉంది’ అన్నాను. ఆయన ఆ రాత్రే వెళ్లి తగవు పెట్టుకున్నాడు. తీరా చూస్తే, సరుకు వాపసు ఇచ్చినందుకు రావలసిన సొమ్ము హోల్‌సేల్ వ్యాపారి దగ్గరే నెలన్నరగా ఆగి ఉంది. ‘పొరపాటు’ అన్న మాట కూడా అదే వరుసలో ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు ఎలా చదువుతానో ఒక ఉదాహరణతో చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. నర్సంపేట వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. స్నేహితుడితో సగం సగం పెట్టుబడి పెట్టి, ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. కొనడం ఇతని పని, అమ్మడం స్నేహితుడి పని. 240 బస్తాలు పెట్టారు, 150 అమ్మినట్టు స్నేహితుడు చెప్పాడు, 90 ఉండాలి. స్టోరేజీలో అడిగితే 74 అన్నారు. ‘అక్కా, వాడు నన్ను ముంచుతున్నడా లేదా, అదొక్కటి చెప్పు’ అన్నాడు.

మూడు ముక్కలు తీశాను: కనబడుతున్నది, కనబడనిది, ఇప్పుడు చేయదగినది. టూ ఆఫ్ పెంటకిల్స్, చంద్రుడు, పేజ్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయి. మూడు ముక్కల్లో చంద్రుడు వచ్చే అవకాశం 26లో ఒకటి. అరుదే కానీ, అద్భుతం కాదని వచ్చినవారికి చెప్పడం మంచిది. మొదటి ముక్కలో ఒకడు రెండు నాణేలను చేతులు మార్చి ఆడిస్తుంటాడు, వెనక అలల మీద ఓడలు ఊగుతుంటాయి. ఒక చోటి డబ్బు ఇంకో చోట సర్దుతున్నారన్నంత వరకే దాన్ని చదివాను. చంద్రుడి దగ్గరకు వచ్చాక ముక్కను పక్కన పెట్టి, కాగితం మీద మూడు గీతలు గీసి, పైన ‘చూసింది’, ‘విన్నది’, ‘అనుకున్నది’ అని రాశాను. అతను చెప్పినవి ఏడు సంగతులు. డ్రైవరు చెప్పిన మాట, స్నేహితుడు ఫోన్ ఎత్తకపోవడం, కొత్త బండి కొనడం, ధర తక్కువ చూపుతున్నాడన్న అనుమానం ఇలా ఒక్కొక్కటీ తమ గడిలోకి పోగా, ‘చూసింది’ కింద మిగిలినవి రెండే: 240 బస్తాల రసీదు, బ్యాంకులో పడిన డబ్బు. 74 అన్న లెక్క కూడా ఫోన్‌లో విన్నదే. ఆ గడి వంక అతను చాలాసేపు చూశాడు.

కుక్క, తోడేలు రెండూ ఒకే చంద్రుణ్ణి చూసి అరుస్తున్నాయి. చీకట్లో గొంతు విని ఏది పెంచింది, ఏది అడవిది అని చెప్పలేం. ఈ ముక్క నాకు చెప్పేది అంతే. భాగస్తుడు మంచివాడనీ చెప్పదు, దొంగ అనీ చెప్పదు, వెలుతురు చాలదని చెబుతుంది.

మూడో ముక్కతో జాగ్రత్త అవసరం. పేజ్ ఆఫ్ స్వోర్డ్స్ కు పరిశీలన అనే అర్థమూ ఉంది, గూఢచర్యం అనే అర్థమూ ఉంది. అతను అప్పటికే స్నేహితుడి ఫోన్ ఎలా చూడాలా అని ఆలోచిస్తున్నాడు. నేను పరిశీలన వైపే చదివి, స్నేహితుణ్ణి కూర్చోబెట్టి మూడు కాగితాలే అడగమన్నాను: మార్కెట్లో తూకం, ధర రాసి ఇచ్చిన తక్‌పట్టీలు, స్టోరేజీ గేట్ పాసులు, అమ్మకం బిల్లులు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ లెక్కల పుస్తకాలు చూసే, నకలు తీసుకునే హక్కు ప్రతి భాగస్తుడికీ ఉంది కాబట్టి అది అవమానించడం కాదని కూడా చెప్పాను. ఈ మాట ముక్కల్లో లేదు, ఉండదు కూడా.

మూడు వారాల తర్వాత లెక్క సగం తేలింది. స్టోరేజీలో ఉన్నవి నిజంగా 74. తేడా 16లో 11 బస్తాలు తక్కువ ధరకు అప్పుగా ఇచ్చి, సొమ్ము రాక, చెప్పడానికి సిగ్గుపడి స్నేహితుడు దాచాడు; గేట్ పాసు, తేదీ సరిపోయాయి. మిగిలిన 5 బస్తాలకు ఇద్దరి దగ్గరా కాగితం లేదు. అంటే దాపరికం ఉంది, పొరపాటూ ఉంది; నేను మొదటి రోజే ‘మోసం’ అని ఉంటే సగం నిజమే చెప్పేదాన్ని.

వాడకంలో రెండు ఇబ్బందులు చెప్పాలి. చంద్రుడు వచ్చిన రోజు వచ్చినవారికీ చదివేవారికీ ఇంకో ముక్క తీసి స్పష్టత తెచ్చుకోవాలనిపిస్తుంది. అలా నాలుగు తీస్తే మనకు కావలసిన జవాబు ఎలాగూ దొరుకుతుంది. అందుకే ఒక్కటి కూడా అదనంగా తీయను, కాగితాలు చేతికొచ్చేదాకా అదే ప్రశ్నకు మళ్లీ చదవను. రెండోది తలకిందులుగా వచ్చినప్పుడు. వెయిట్ అప్పుడు మోసం, పొరపాటు కాస్త తక్కువ స్థాయిలో ఉంటాయన్నారు. నిజం బయటపడుతుందని చదివేవారూ ఉన్నారు. డబ్బు విషయంలో ఆ ఊరట ఇచ్చి పంపిస్తే మనిషి లెక్క అడగడం మానేస్తాడు కనుక, నేను దాన్ని నిలువు ముక్కలాగే చదివి మూడు గడుల కాగితం ముందు పెడతాను.

ఆ తమ్ముడు పోయిన నెల మళ్లీ వచ్చాడు. ‘ఆ ఐదు బస్తాల గురించి ఒక్క ముక్క తియ్యి అక్కా’ అన్నాడు. కట్ట తీయలేదు. ఇద్దరూ ఇప్పుడు ఒకే నోటుబుక్కులో గేట్ పాసు నంబర్లు రాస్తున్నారట. ఆ ఐదింటికి ఎదురుగా అక్కడ ఇంకా ఖాళీయే ఉంది.