ప్రాజెక్ట్ చార్టర్: స్పాన్సర్ సంతకానికి ఏ రాత మేలు?

ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పొద్దున పూట ఓపీ రిజిస్ట్రేషన్ దగ్గర క్యూ బాగా పెరిగిపోతోంది, దాన్ని తగ్గించే ప్రాజెక్ట్ మీ చేతికొచ్చింది అనుకుందాం. పని మొదలయ్యే ముందు, దానికి అనుమతి, డబ్బు ఇచ్చే స్పాన్సర్ సంతకం చేసే కాగితమే చార్టర్. అందులో లక్ష్యాన్ని రెండు రకాలుగా రాయొచ్చు.

మొదటి రకం: "కొత్త టోకెన్ సాఫ్ట్‌వేర్ పెట్టి రోగులకు మెరుగైన సేవ అందించడం."

రెండో రకం: "ఉదయం 8 నుంచి 11 మధ్య క్యూలో చేరిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి 15 నిమిషాల్లోపు ఓపీ చీటీ అందాలి. ఇప్పుడు ముగ్గురికే అందుతోంది. గడువు సెప్టెంబర్ 30."

మొదటిదాని మీద సంతకం తొందరగా పడిపోతుంది, కాదనడానికి అందులో ఏమీ లేదు కాబట్టి. గొడవంతా చివర్లో వస్తుంది: సాఫ్ట్‌వేర్ పెట్టేశారు, క్యూ మాత్రం అలాగే ఉంది, మీరు పని అయిపోయిందంటారు, స్పాన్సర్ కాలేదంటారు, చార్టర్ చూస్తే ఇద్దరిదీ నిజమే. అందుకే నా ఓటు రెండోదానికి. దానికి ముందుగా ఒక వారం కౌంటర్ దగ్గర నిలబడి టైమ్ రాసుకోవాలి. ఆ లెక్క లేకపోతే అంకె ఊహించి వేయకండి, ఆ వారం కొలత పనికి మాత్రమే మొదట సంతకం తీసుకోండి.

ఇక్కడే చాలామంది పడే గుంత ఒకటుంది. రోగికి కావాల్సింది డాక్టర్ చూడటం కదా అని కొలతను "డాక్టర్ గదిలోకి వెళ్లేదాకా" అని సాగదీస్తారు. కానీ స్కోప్‌లో, అంటే ఈ ప్రాజెక్ట్ పని పరిధిలో, ఉన్నది రిజిస్ట్రేషన్ కౌంటర్ ఒక్కటే. డాక్టర్ పదిన్నరకి వస్తే మీ టీమ్ ఏం చేయగలదు? కొలత స్కోప్ దాటి పోకూడదు. డాక్టర్ల టైమింగ్ కూడా మార్చాల్సిందే అనుకుంటే అది స్కోప్‌లోకి రావాలి, అప్పుడు స్పాన్సర్‌గా ఆపరేషన్స్ హెడ్ సంతకం సరిపోదు, డాక్టర్లకు చెప్పగలిగే మెడికల్ సూపరింటెండెంట్‌ది కావాలి.

స్కోప్‌లో ఏముందో రాసి ఊరుకోవడం కన్నా ఏది లేదో కూడా రాయడం మేలు. "ఇన్సూరెన్స్ డెస్క్, ల్యాబ్ బిల్లింగ్ ఇందులో లేవు" అనే ఒక్క వాక్యం ఉంటే మధ్యలో "అది కూడా చేసేయండి" అన్నప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.

స్టేక్‌హోల్డర్ల దగ్గర, అంటే ఈ పనితో సంబంధం ఉన్నవాళ్లెవరో రాసే చోట, "అన్ని విభాగాలు" అని రాస్తే ఎవరినీ రాయనట్టే. ఎవరు ఏం తేల్చాలో రాయండి: అదనపు కౌంటర్‌కి మనిషిని ఇచ్చేది హెచ్‌ఆర్, చీటీ నమూనా మార్పుకి ఒప్పుకోవాల్సింది మెడికల్ రికార్డ్స్, క్యూలో పడే టైమ్ లెక్క రోజూ రాసేది ఫ్రంట్ ఆఫీస్ సూపర్‌వైజర్.

మొదటి రకం పనికొచ్చే చోటూ ఉంది. పాత సర్వర్ తీసి కొత్తది పెట్టడమే పని అయితే, పెట్టడమే ఫలితం. అక్కడ కూడా "పాత డేటా మొత్తం కొత్తదాంట్లో తెరుచుకోవాలి" అని ఒక పరీక్ష రాసి, అది ఎవరు చూసి సరే అనాలో పక్కనే రాయండి.