బ్రౌజర్ నడుస్తుంది, మెసేజ్ మాత్రం రాదు: ఏడాదికి పైగా వాడిన ఫోన్‌పై నా సమీక్ష

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూసే నేను ఈ ఆండ్రాయిడ్ 13 ఫోన్‌ను ఏడాదికి పైగా వాడుతున్నాను. స్క్రీన్, కెమెరా, స్పీకర్ బాగానే ఉన్నాయి. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది మెసేజింగ్ యాప్ ఒక్కటే కాబట్టి ఈ సమీక్ష దాని గురించే రాస్తున్నాను.

కొనుగోలు కేంద్రం నుంచి ధాన్యం లారీ కదిలే ముందు డ్రైవర్లు కాటా చీటీని ఫొటో తీసి ఈ యాప్‌లోనే పంపుతారు. అది చేతికి అందితేనే దింపుకోవడానికి హమాలీలను సిద్ధం చేయగలను. అయితే కోతల కాలంలో లారీ మిల్లు గేటు ముందుకు వచ్చి నిలిచినా చీటీ నా ఫోన్‌కు చేరేది కాదు. అదే సమయంలో బ్రౌజర్ తెరిస్తే ఏ పేజీ అయినా వెంటనే వచ్చేది. అందువల్ల సిమ్‌లో గానీ టవర్‌లో గానీ లోపం లేదని తేలింది. మరి యాప్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్న సలహాలే చుట్టుపక్కల ఎక్కువగా వినిపించాయి. పాత చాట్‌లు పోయే ప్రమాదం ఉన్న ఆ పని మొదట చేయదగినది కాదని నా అభిప్రాయం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. బ్రౌజర్‌ను మనం కళ్ల ముందు తెరిచి ఉంచి వాడుతాం, మెసేజింగ్ యాప్ మాత్రం స్క్రీన్ ఆరిపోయి జేబులో ఉన్నప్పుడు కూడా పని చేయాలి. కాబట్టి బ్రౌజర్ నడవడం వల్ల తెలిసేది తెరిచి ఉన్న యాప్‌కు డేటా అందుతోందని మాత్రమే. యాప్‌ను తెరిచిన మరుక్షణం ఆగిపోయిన చీటీలన్నీ ఒక్కసారిగా గుప్పున వచ్చి పడుతుండటంతో, లోపం నేపథ్యంలో జరిగే పనికి పడిన అడ్డులోనే ఉందని నాకు స్పష్టమైంది. తెరిచినా రాకపోతే కారణం వేరు. కొన్ని ఫోన్లలో ఒక్కో యాప్‌కు మొబైల్ డేటాను పూర్తిగా ఆపే స్విచ్ ఉంటుంది, అప్పుడు ముందుగా దానినే చూడాలి.

తర్వాత పంపినవారి ఫోన్‌లోని టిక్కులను అడిగి తెలుసుకున్నాను. ఒకే టిక్కు ఉంటే మెసేజ్ నా ఫోన్‌కు చేరలేదని, రెండు ఉంటే చేరినా ఫోన్ నాకు చెప్పలేదని అర్థం. డ్రైవర్ ఫోన్‌లో ఒకే టిక్కు కనిపించింది. అదే ఫోన్‌ను మిల్లు ఆఫీసు వైఫైకి కలిపి, స్క్రీన్ ఆపి టేబుల్‌పై పెట్టి మరో ఫొటో పంపమంటే వెంటనే మోగింది. వైఫైలో వచ్చి మొబైల్ డేటాలో రాకపోవడం, తెరిచి లేని యాప్‌లకు మొబైల్ డేటాను ఆపే Data Saver లక్షణం. రోజువారీ డేటా త్వరగా అయిపోకుండా ఉండాలని ఫోన్ అమ్మినవారే దానిని ఆన్ చేసి ఇచ్చారు. దానిని ఆపకుండానే, Settings లోని Network & internet కింద Data Saver తెరిచి, Unrestricted data జాబితాలో ఈ ఒక్క యాప్‌కు అనుమతి ఇచ్చాను. మిగిలిన యాప్‌లకు పొదుపు అలాగే కొనసాగుతోంది.

పగటి సమస్య అంతటితో తీరింది కానీ, రాత్రి ఫోన్ చాలాసేపు కదలకుండా ఉంటే వైఫై ఉన్నా ఒకే టిక్కు కనిపించేది. చార్జర్‌కు పెట్టిన రాత్రుల్లో మాత్రం మెసేజ్‌లు సకాలంలో వచ్చేవి. ఈ తేడా బ్యాటరీ నియంత్రణనే సూచిస్తుంది. నిద్రలోకి జారిన ఫోన్‌ను కూడా అత్యవసర మెసేజ్ లేపగలిగే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో ఉంది, అయితే ఈ ఫోన్ తయారీదారు దానిపై తన సొంత పొదుపు పొరను వేశాడు, నా అసలు ఫిర్యాదు దానిపైనే. యాప్ ఐకాన్‌ను నొక్కి పట్టి App info లోకి వెళ్లి, బ్యాటరీ వినియోగాన్ని Unrestricted గా మార్చి, యాప్ తనంతట తానే మొదలయ్యేందుకు అక్కడే ఉన్న Autostart ను కూడా ఆన్ చేసిన తర్వాత రాత్రి మెసేజ్‌లు ఆగలేదు. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతోంది, ఈ ఒక్క యాప్‌కు అది నాకు సమ్మతమే. అదే పేజీలోని Force stop ను మాత్రం నొక్కకూడదు, నొక్కితే మళ్లీ మనమే తెరిచే వరకు యాప్‌కు ఏ కబురూ అందదు.

అనుమతుల సంగతి మా గుమాస్తా ఫోన్‌లో ఎదురైంది. అతనికి రెండు టిక్కులు పడుతున్నా శబ్దం లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు యాప్ విడిగా అనుమతి అడగాలి. మొదట వద్దని నొక్కి ఉంటే ఆ తర్వాత App info లో Notifications ను మనమే ఆన్ చేయాలి.

ఈ ఫోన్ కొనేవారికి ఒక హెచ్చరిక: పెద్ద సిస్టమ్ అప్‌డేట్ తర్వాత Autostart దానంతటదే ఆగిపోయింది. అప్పటి నుంచి అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఫోన్‌ను మొబైల్ డేటాపై, చార్జర్ లేకుండా, స్క్రీన్ ఆపి కొంతసేపు వదిలేసి, ఇంకో ఫోన్ నుంచి ఒక ఫొటో పంపించి రెండో టిక్కు పడుతుందో లేదో చూస్తున్నాను.